“రేపు రా”

అమ్మ మెడ పక్కన గడ్డ లేచింది. నొప్పి లేదు. మిరపకోతల కూలీ పోతుందని రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. పెద్దాసుపత్రిలో గడ్డ తీసి రెండు ముక్కలు చేశారు. ఒకటి ఫార్మలిన్ సీసాలో, ఇంకోటి సెలైన్ సీసాలో వేసి నా చేతికిచ్చారు. “టీబీ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. వారంలో తెలుస్తుంది” అంది డాక్టరమ్మ. ఆ “ఇంకేదైనా” మాతోపాటే బస్సెక్కి మా పేటకొచ్చింది.

సెలైన్ ముక్కకి మిషన్ పరీక్ష మూడో రోజే వచ్చింది. టీబీ క్రిమి కనపడలేదని రాశారు. టీబీ కాకపోతే క్యాన్సరే కదా అనుకున్నాను. ఆ రాత్రి నిద్ర లేదు. ఏడో రోజు బయాప్సీ రిపోర్టు కోసం పోతే కిటికీలోంచి “రేపు రా” అన్నారు. ఎనిమిదో రోజూ అదే మాట. ఆలస్యమైందంటే చెడ్డదేనని ఖాయం చేసుకున్నాను. “నా దగ్గర దాస్తున్నావా అయ్యా?” అంది అమ్మ.

తొమ్మిదో రోజు కిటికీ వదల్లేదు. “రిపోర్టు ఇవ్వకపోయినా పర్లేదు, మా అమ్మ ముక్క ఇప్పుడు ఎక్కడుందో చెప్పండి” అన్నాను. లోపల్నుంచి టెక్నీషియన్ అన్న వచ్చి నంబరు చూసి చెప్పాడు. ముక్క ముందు ఫార్మలిన్‌లో గట్టిపడాలి. తర్వాత నీరంతా తీసి మైనంలో దిమ్మ కట్టాలి. వెంట్రుక కంటే సన్నగా కోసి, రంగు వేసి, అప్పుడు డాక్టరు చూస్తారు. “చూశారు తమ్ముడూ. టీబీ అనుమానంతో ఇంకో రంగు వేయమన్నారు. అందుకే లేటు.”

మిషన్ పరీక్ష సంగతీ అడిగాను. గడ్డల్లో క్రిములు తక్కువ ఉంటాయి, మిషన్‌కి దొరక్కపోవచ్చు, అంతమాత్రాన టీబీ లేదని కాదన్నాడు. రెండు కాగితాలనూ నేను తప్పుగానే చదివాను.

రెండు రోజులకి రిపోర్టు వచ్చింది. టీబీ గడ్డే. మిగిలిన ముక్క కల్చర్‌కి పెట్టారు, దానికి ఆరు వారాల దాకా పడుతుంది. దాని కోసం ఆగకుండా డాక్టరమ్మ మందులు మొదలుపెట్టింది. ఆరు నెలల కోర్సు, ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది.

ఆస్పత్రిలో తెలిసినవాళ్లున్న ఇంటికి ఈ వివరం ఒక్క ఫోన్‌తో అందుతుంది. మాకు మూడుసార్లు బస్సు చార్జీ అయ్యింది, పదకొండు రాత్రులు భయం అయ్యింది. ఆ అన్న చెప్పడానికి పట్టింది ఐదు నిమిషాలు.

అందుకే ఇప్పుడు మా పేటలో ఎవరు ముక్క పరీక్షకి ఇచ్చినా ల్యాబ్ నంబరు, ఇచ్చిన తేదీ కాగితం మీద రాయిస్తాను. “వచ్చిందా?” అని అడగొద్దు, “ఏ దశలో ఉంది, ఇంకేం చెయ్యాలి?” అని అడగమంటాను. మొదటిదానికి “రేపు రా” అనడం తేలిక. రెండోదానికి ఎవరో ఒకరు లేచి చూడాలి.