తప్పు ఇంటర్నెట్‌ది కాదు

మా అమ్మాయి పోటీ పరీక్షకు చదువుతోంది. పాఠాలన్నీ ఒక శిక్షణ సంస్థ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఫోన్‌లో చూసి చూసి కళ్లు మండుతున్నాయంటే, టీవీలో బ్రౌజర్ ఉంది కదా, పెద్ద తెర మీద చూసుకుంటుంది అనుకున్నాను. ఆ వెబ్‌సైట్‌కు టీవీ యాప్ లేదు. బ్రౌజర్‌లో పేజీ చక్కగానే తెరుచుకుంది. రిమోట్‌తో ఒక్కో అక్షరం ఏరుకుంటూ నంబరు, పాస్‌వర్డ్ కొట్టి ‘లాగిన్’ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

నేను చేసిన తప్పులు అక్కడే మొదలయ్యాయి. నెట్ నెమ్మదిగా ఉందనుకుని ఎక్కువ వేగం ప్లాన్‌కు డబ్బు కట్టాను. పాస్‌వర్డ్ తప్పేమోనని దాన్ని మార్చేశాను. దాంతో అమ్మాయి ఫోన్‌లో కూడా లాగౌట్ అయిపోయి, మర్నాడు పరీక్ష పెట్టుకుని ఆ రాత్రి చాలాసేపు పాఠం తెరవలేకపోయింది. చివరికి టీవీని ఫ్యాక్టరీ రీసెట్ చేశాను. ఇంట్లో అందరి యాప్‌ల లాగిన్‌లూ పోయాయి, ఆ బటన్ మాత్రం అలాగే ఉంది.

ఆధారాలు రెండు నా కళ్లెదుటే ఉన్నా పట్టించుకోలేదు. అదే టీవీలో యూట్యూబ్ యాప్ ఎక్కడా ఆగకుండా ఆడుతోంది. అంటే నెట్ బాగానే ఉంది. పాస్‌వర్డ్ తప్పయితే ‘తప్పు’ అని ఎర్ర అక్షరాలు రావాలి, అవీ రాలేదు. అంటే నేను కొట్టింది అసలు సర్వర్ దాకా వెళ్లనే లేదు.

వెబ్ పేజీలు తయారుచేసే పనిలో ఉన్న మా మేనల్లుడు వచ్చి, బ్రౌజర్ వెర్షన్ చూపించే పేజీ ఒకటి టీవీలో తెరిచాడు. అందులో `Chrome/53` అని ఉంది. “మామయ్యా, ఇది 2016 నాటి ఇంజిన్” అన్నాడు. ఫోన్‌లో క్రోమ్ కొన్ని వారాలకోసారి కొత్తదవుతుంది. టీవీలో అలా కాదు. టీవీ తయారైనప్పుడు ఏ ఇంజిన్ పెట్టారో చాలా మోడళ్లలో చివరిదాకా అదే ఉంటుంది. మధ్యలో వచ్చే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు చిన్న లోపాలు సరిచేస్తాయే గాని, చాలాసార్లు ఆ నంబరు జోలికి పోవు. నేను 2018లో కొన్న టీవీ కొన్న రోజుకే పాత ఇంజిన్‌తో వచ్చింది.

పాతదైతే బటన్ ఎందుకు పనిచేయదు? ఆ లాగిన్ పేజీ వెనకున్న జావాస్క్రిప్ట్‌లో ఇలాంటి వరుస ఒకటి చూపించాడు:

```
user?.name
```

ఆ `?.` గుర్తును క్రోమ్ 2020లో వచ్చిన 80వ వెర్షన్ నుంచే చదవగలదు. పాత ఇంజిన్‌కు అది వ్యాకరణ దోషం. దోషం ఉన్న ఆ ఒక్క వరుసను వదిలేసి మిగతాది నడిపించదు, ఆ ఫైలు మొత్తాన్ని పక్కన పడేస్తుంది. అందుకే బొమ్మలు, అక్షరాలు, ఖాళీ గళ్లు అన్నీ కనిపిస్తాయి, బటన్ నొక్కితే జరగాల్సిన పని మాత్రం జరగదు. తీగ తగిలించని స్విచ్ లాంటిదది. ఎన్నిసార్లు నొక్కినా, ఎంత వేగం నెట్ ఉన్నా ఒకటే.

తర్వాత మా అన్నయ్యగారింట్లో కొత్త టీవీలో ప్రయత్నించాం. లాగిన్ అయింది, ఉచిత నమూనా పాఠం ఆడింది. డబ్బు కట్టిన పాఠం తెరిస్తే నల్లటి తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఈసారి నెట్‌ను అనుమానించలేదు. నమూనా పాఠానికి తాళం లేదు. కొన్న పాఠం కాపీ కాకుండా వైడ్‌వైన్ అనే డీఆర్ఎం తాళంతో వస్తుంది. ఆ తాళం తీసే భాగం టీవీలో ఉన్నా, తయారీదారు దాన్ని యాప్‌లకు ఇచ్చి బ్రౌజర్‌కు ఇవ్వకపోవచ్చు. ఉచిత వీడియో ఆడి, అదే సైట్‌లో కొన్న వీడియో ఆడకపోతే ముందు అనుమానించాల్సింది ఈ తాళాన్నే.

దీనికి టీవీ సెట్టింగుల్లో మందు లేదు. సైట్‌కు టీవీ యాప్ ఉంటే అదే మేలు. అలాంటి యాప్‌లు చాలావాటిలో తెర మీద చిన్న కోడ్ వస్తుంది, దాన్ని ఫోన్‌లో కొడితే చాలు, పాస్‌వర్డ్‌ను రిమోట్‌తో కొట్టే పనే ఉండదు. మాకు యాప్ లేదు గనక ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపాం. లాగిన్, తాళం రెండూ ల్యాప్‌టాప్ బ్రౌజరే చూసుకుంటుంది, టీవీ వట్టి తెర. మొదట మధ్యలో ఒక పాత స్ప్లిటర్ పెడితే మాట వినిపించి బొమ్మ రాలేదు. తాళం వేసిన వీడియోకు కేబుల్ దారిలో కూడా హెచ్‌డీసీపీ అనే రక్షణ ఉంటుంది, దారిలో ఉన్న ప్రతి పరికరం దానికి సరిపడాలి. స్ప్లిటర్ తీసేసి కేబుల్‌ను నేరుగా గుచ్చగానే పాఠం తెర నిండా వచ్చింది.