మూల వేతనం ఎంత?

మా తమ్ముని కుమారునికి దుబాయిలోని ఒక హోటలులో వెయిటరు ఉద్యోగం ఖాయమైనప్పుడు ఇంటిల్లిపాదిమీ సంతోషించాము. నెలకు 1600 దిర్హాములు, వసతి ఉచితం అని ఏజెంటు చెప్పాడు. ఆఫర్ లెటర్ వచ్చిన తరువాత నింపాదిగా చదివి చూశాము. మొత్తం 1600 అన్నమాట నిజమే. అయితే అందులో మూల వేతనం 960 మాత్రమే. మిగిలిన 640 అలవెన్సులు.

"మొత్తం అంతే కదా, బడే అబ్బా! ఎలా విడదీస్తే ఏముంది?" అన్నాడు అబ్బాయి.

కాగితం తీసి లెక్క వేసి చూపించాము. అక్కడి కార్మిక చట్టం ప్రకారం సాధారణంగా రోజుకు ఎనిమిది గంటల పని. అంతకు మించితే మూల వేతనం మీద గంట కూలి కట్టి, దానికి కనీసం నాలుగోవంతు కలిపి ఇవ్వాలి. 960ని ముప్పై రోజులకు, ఎనిమిది గంటలకు భాగిస్తే గంటకు 4 దిర్హాములు, ఓవర్‌టైముకు 5. అదే 1600లో మూల వేతనం 1440గా వ్రాసి ఉంటే గంటకు 6, ఓవర్‌టైముకు ఏడున్నర. నెలలో 26 రోజులు, రోజుకు రెండేసి గంటలు అదనంగా చేస్తే 260కి బదులు 390 వచ్చేది. ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా మూల వేతనం మీదనే. మొదటి అయిదేళ్ళూ ఏడాదికి 21 రోజుల చొప్పున 672 వస్తుంది; 1440 అయితే 1008 వచ్చేది.

రాత్రి పదింటి తరువాత చేసే ఓవర్‌టైముకు సగం ఎక్కువ ఇస్తారని ఏజెంటు ఆశపెట్టాడు. ఆ నియమం ఉన్నదే గానీ, షిఫ్టుల పద్ధతిలో పనిచేసేవారికి వర్తించదు. హోటలు పని చాలావరకు షిఫ్టులే.

ఇక వసతి. 'ఉచితం' అన్న మాట ఏజెంటు నోట ఉన్నది గానీ కాగితం మీద లేదు. మధ్యాహ్న భోజనాల వేళ నాలుగు గంటలు, రాత్రి మరో నాలుగు గంటలు డ్యూటీ. నడుమ ఖాళీ సమయం పనిగంటల లెక్కలోకి రాదు. గది దూరమైతే ఆ ఖాళీలో వెళ్ళి నడుము వాల్చే వీలుండదు. కనుక గది ఎక్కడ, కంపెనీ బస్సు ఎన్నిసార్లు తిరుగుతుంది, కరెంటు, నీటి ఖర్చులు జీతంలో కోస్తారా అని వ్రాతపూర్వకంగా అడిగించాము. అప్పు ఇచ్చిపుచ్చుకున్నా వ్రాసుకోమని సూరా అల్ బఖరాలో అల్లాహ్ ఆదేశించాడు కదా, బ్రతుకుదెరువు విషయంలో మొహమాటమెందుకు?

మూల వేతనం మార్చడానికి కంపెనీ ఒప్పుకోలేదు. వసతి, రవాణా తమవేననీ, జీతంలో కోత ఉండదనీ మాత్రం వ్రాసి పంపింది. అబ్బాయి ఇంట్లో సంప్రదించి, 260 లెక్కకే సిద్ధపడి బయలుదేరాడు.

డ్యూటీ ఎక్కిన వేళ, దిగిన వేళ ఏ రోజుకారోజు చిన్న పుస్తకంలో వ్రాసుకొమ్మని చెప్పి పంపాము. తొలి నెల జీతం చీటీలో ఓవర్‌టైము 40 గంటలే కనిపించింది. పుస్తకంలో 46 ఉన్నది. సూపర్‌వైజరుకు తేదీలతో సహా చూపగా, తక్కువైన 30 దిర్హాములు మరుసటి నెల జీతంలో కలిపారు.