పొడుగు గీత

సెకండ్ ఇయర్ సెలవుల్లో ట్యూషన్లు చెప్పి 9,000 రూపాయలు దాచాను. పాత గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొనాలి. తప్పు కార్డు కొంటే మళ్ళీ కొనే స్తోమత లేదు. అందుకే వారం రోజులు బెంచ్‌మార్క్ చార్టులు ముందేసుకుని కూర్చున్నా. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే: నా డబ్బుల్లో వచ్చేవాటిలో ఏ గీత పొడుగుంటే అదే మంచి కార్డు.

చివరికి రెండు మిగిలాయి. ఆర్ఎక్స్ 580, 8 జీబీది, 6,500కి దొరుకుతోంది. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ, 4 జీబీది, 8,000. కొత్తదాని గీత వెంట్రుకవాసి పొడుగ్గా ఉంది, కరెంటూ తక్కువే తింటుంది. సంబరంగా మా సీనియర్ అన్నకి చూపించా. ఆయన గీతల వైపే చూడలేదు. చార్టు కింద చిన్న అక్షరాల్లో ఉన్న లైను మీద వేలు పెట్టి, "ఇది ఏ మెషీన్ మీద తీశారో చదివావా రా?" అన్నాడు.

చదవలేదు. అక్కడ ఉన్నది కొత్త ప్రాసెసర్, పీసీఐ 4.0 బోర్డు. నాది తొమ్మిదో తరం ఐ5, బోర్డు పీసీఐ 3.0. మామూలు కార్డులకి దీంతో పెద్ద తేడా రాదు, ఎందుకంటే వాటికి 16 లేన్లుంటాయి. 6500 ఎక్స్‌టీకి ఉన్నవి నాలుగే. 3.0 బోర్డులో పెడితే ఆ నాలుగు లేన్ల వేగం కూడా సగానికి పడిపోతుంది. గేమ్ 4 జీబీలో ఇమిడినంతసేపూ ఫరవాలేదు. అది నిండాక మిగతా టెక్స్‌చర్లు ర్యామ్ నుంచి ఆ ఇరుకు దారిలోనే రావాలి. గేమ్ అక్కడే ఆగి ఆగి నడుస్తుంది. అంటే నేను చూసిన గీత ఆ కార్డుదే, కానీ నా కంప్యూటర్‌లో దానిది కాదు.

"ఇప్పుడు ఈ పొట్టి గీత చూడు" అన్నాడు అన్న. ప్రతి కార్డు దగ్గరా సగటు గీత లోపల ఇంకో చిన్న గీత ఉంది, పక్కన 1% లో అని. అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన నూటికొక వంతు ఫ్రేముల వేగం అది. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కోటి సుమారు 17 మిల్లీసెకన్లు. మధ్యలో ఒక ఫ్రేము 67 మిల్లీసెకన్లు తీసుకుంటే, ఆ క్షణానికి వేగం 15 ఫ్రేములే. సగటులో అది కనిపించదు, మలుపు తిరిగే చోట కంటికి మాత్రం తగులుతుంది. 4 జీబీ కార్డు హై టెక్స్‌చర్ల చార్టుల్లో దొరికిపోయేది ఇక్కడే. సగటులు పక్కపక్కనే ఉన్నా, పొట్టి గీత బాగా కిందికి జారిపోతుంది.

9,000కి జీటీఎక్స్ 1660 సూపర్ కూడా ఉంది. దాని గీత 580 కంటే దాదాపు పావు వంతు పొడుగు, కానీ ధర మూడో వంతు కంటే ఎక్కువే పెరుగుతోంది. పైగా నా మానిటర్ 60 హెర్ట్జ్‌ది, అంతకు మించిన ఫ్రేములు అది చూపించలేదు. నేను ఆడే గేములకి 580 చాలు అనిపించింది.

ఇక సికింద్రాబాద్ పార్క్‌లేన్ వెళ్ళాం. మొదటి షాపులో 580 మెరిసిపోతోంది. "అన్నా, ఒకసారి సిస్టమ్‌కి పెట్టి చూపించవా" అన్నా. పెన్ డ్రైవ్‌లో తెచ్చుకున్న GPU-Z తెరిస్తే, Shaders దగ్గర 2048 అని ఉంది. అసలు 580కి 2304 ఉండాలి. 2048 అంటే ఆర్ఎక్స్ 570 లెక్క. 2018లో చైనా మార్కెట్ కోసం 580 పేరుతోనే అలాంటి రకం ఒకటి వచ్చింది. పేరు ఒకటే, చార్టులో గీత మాత్రం వేరే కార్డుది. పైన పటారం, లోన లొటారం.

"అదీ 580నే తమ్ముడూ" అన్నాడు షాపాయన. బాక్సు మీద పేరు చూస్తే కాదనలేం. కానీ 570 ధరకి ఇవ్వమంటే ఒప్పుకోలేదు, వచ్చేశాం.

మూడో షాపులో 2304 కనిపించింది. అయినా అన్న డబ్బు తియ్యనివ్వలేదు. ఇరవై నిమిషాలు బరువైన టెస్టు నడిపించాడు. తెర మీద రంగు చుక్కలు, గళ్ళు రాలేదు, ఫ్యాను గరగరలాడలేదు, వేడి ఒక చోటికొచ్చి ఆగింది. మా ఎస్‌ఎంపీఎస్ 450 వాట్లది, 8 పిన్ వైరుంది, 185 వాట్ల కార్డుకి సరిపోతుందని ఇంట్లోనే చూసుకున్నా. 6,500 ఇచ్చి తెచ్చుకున్నా.

మిగిలిన డబ్బులో ఇంకో 8 జీబీ ర్యామ్ కొన్నా. ఒక్క స్టిక్ రెండయ్యేసరికి సగటు కొంచెమే కదిలింది. పొట్టి గీత మాత్రం బాగా పెరిగింది. మలుపుల దగ్గర ఇప్పుడు గేమ్ ఆగట్లేదు.