పీత పోయింది, అవ్వ మిగిలింది

బొమ్మల సినిమా అంటే తీరిగ్గా కూర్చుని చేసుకొనే పని అని చాలామంది అనుకుంటారు. నటుల కాల్షీట్ల గొడవ లేదు, వానొస్తే షూటింగు ఆగదు, ఇక ఆలస్యం దేనికి అంటారు. ఆ మాట నిజమే అయితే నాకూ బాగానే వుండును. తెరమీద ఒక్క సెకను గడవాలంటే 24 ఫ్రేములు కావాలి. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకి 12 బొమ్మలు గీయాలి. ఆ లెక్కన ఆరు నిమిషాల సినిమాకి 4,320 బొమ్మలు. ఇందులో గడువు తప్పడం వింత కాదు. తప్పుతున్నదని తెలిశాక దేన్ని కొయ్యాలి, దేన్ని ముట్టకూడదు అన్నదే అసలు విద్య.

మేము నలుగురం వాకాట్లో ఒక మిద్దె అద్దెకు తీసుకుని ఈ పని చేస్తున్నాము. హైదరాబాదులో స్టూడియోలు వుండగా ఈ స్వర్ణముఖి ఒడ్డున ఎందుకయ్యా అని అడుగుతారు గాని, కంప్యూటరు వున్నచోట గీతకు ఊరితో పనేముంది? ఒక స్వచ్ఛంద సంస్థవారు తుపాను హెచ్చరికల మీద ఆరు నిమిషాల సినిమా కావాలన్నారు. సముద్రపు ఒడ్డు పాళేలలో తెర కట్టి చూపిస్తారట. మా తీరానికి పెద్ద తుపానులు వచ్చేది ఎక్కువగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపానుని ఈ చుట్టుపక్కల పెద్దవాళ్ళు ఇంకా తలుచుకుంటారు. అంచేత సెప్టెంబరు 30 నాటికి సినిమా చేతికి రావాలి. ఆ తరవాత ఎంత బాగా తీసినా, పెళ్ళయిపోయాక తెచ్చిన బాజాలే.

కథ చిన్నది. ఒక కుర్రవాడు టీ అంగడి రేడియోలో హెచ్చరిక విని ఇంటికి పరిగెత్తుతాడు. అవ్వ గుడిసె వదలనంటుంది. మేకలున్నాయంటుంది, పెట్టె వుందంటుంది, ఇలాంటి గాలులు ఎన్ని చూడలేదంటుంది. చివరికి లేచి తుపాను షెల్టరుకి వస్తుంది. అంతే. దీనికి 64 షాట్లు.

ఆగస్టు 31న లెక్క చూసుకుంటే 30 షాట్లు అయిపోయాయి. నిడివి లెక్కన 360 సెకన్లలో 160. సగానికి దగ్గరికి వచ్చామని అందరికీ కాస్త ధైర్యం కలిగింది. కాని ఈ లెక్క మనిషిని మోసం చేస్తుంది. ఎవరైనా ముందు తేలిక షాట్లే ముగిస్తారు. మిగిలినవాటిలో జనం గుంపు వుంది, అల వుంది, పడవ వుంది. అందుకని షాట్లు లెక్కపెట్టడం మాని, ఒక మనిషి ఒక రోజు చేసే పనిని కొలతగా పెట్టుకున్నాను. అయిపోయిన షాట్లకి మేము మొదట వేసుకున్న అంచనా 60 రోజుల పని. నిజంగా పట్టింది 84. అంటే మా అంచనా ప్రతిదాన్నీ 1.4తో పెంచి చూడాలి. మిగిలిన 34 షాట్లకి కాగితం మీద 79 రోజులు వుంది. పెంచి చూస్తే సుమారు 110.

చేతిలో వున్నదెంత? చివరి ఆరు రోజులు శబ్దానికీ, రంగులు సరిచూడడానికీ పోతాయి. ఆదివారాలు తీసేస్తే 20 పనిదినాలు. నలుగురికీ కలిపి 80. తిరిగి గీయవలసినవాటికి 8 పక్కన పెడితే 72. తగ్గేది 38. రాత్రిళ్ళు మేలుకొని పూడ్చే గొయ్యి కాదు ఇది. నిద్రలేని చేయి గీసిన బొమ్మని మర్నాడు ఎలాగూ మళ్ళీ గీయాలి.

ఇటువంటప్పుడు అందరికీ తోచే ఉపాయం, అన్ని షాట్లలోనూ తలా కాస్త తగ్గించడం. నేను ఒప్పుకోలేదు. సాంబారులో నీళ్ళు పోసినట్టు, అన్నీ పలచబడతాయి గాని ఒక్కటీ రుచిగా మిగలదు. దానికంటే కొన్నిటిని పూర్తిగా వదులుకుని, కొన్నిటిని చెక్కుచెదరకుండా కాపాడుకోవడం మేలు. 34 షాట్లనీ చీటీలమీద వేసి గోడకి అంటించాము. ఒక్కో చీటీ ముందూ నిలబడి మూడు ప్రశ్నలు అడిగాము. ఇది లేకపోతే కథ అర్థం కాదా? చూసేవాడి కన్ను ఇక్కడ కదలిక మీద వుంటుందా, మొహం మీద వుంటుందా, లేక చెవి పనిచేస్తుందా? దీనికి పనికివచ్చే బొమ్మలు ఇదివరకే మన దగ్గర వున్నాయా?

జనమంతా షెల్టరుకి పోయే షాటు ఏడు సెకన్లు. 24 మంది మూటలతో, పిల్లలతో నడవాలి. 14 రోజుల పని. ఇక్కడ ఏ ఒక్క మొహమూ ముఖ్యం కాదు. ఊరు కదులుతున్నదని తెలిస్తే చాలు. అంచేత మోకాటి కిందికి దింపాము. నీళ్ళలో నడిచే కాళ్ళు, వెనక లాంతరు వెలుగులో నల్లని నీడలు. మూడు రకాల నడకలు గీసి, వాటినే వేగం మార్చి, ముందూ వెనకా వేసి తిప్పాము. ఒకే నడకని అందరికీ పెట్టి, ఒకే క్షణాన మొదలుపెడితే కవాతులాగా కనిపిస్తుంది. ఒకరి అడుగు లేచినప్పుడు మరొకరిది దిగాలి. ఐదు రోజుల్లో అయిపోయింది. తొమ్మిది మిగిలాయి.

అల వచ్చి పడవని కొట్టే షాటు 11 రోజులు. నీటిని గీయడం అంత ఖరీదైన పని మరొకటి లేదు; ప్రతి బొమ్మలోనూ ఆకారం మారుతుంది. దాన్ని తీసి గుడిసె రాటకి వేలాడే లాంతరు పెట్టాము. లాంతరు వూగుతుంది, అల హోరు వినిపిస్తుంది, దీపం ఆరుతుంది. రెండు రోజుల పని. ఇక్కడ ఒక జాగ్రత్త వుంది. బొమ్మ పూర్తిగా కదలకుండా నిలిస్తే ఒకటి రెండు సెకన్లలోనే చూసేవాడికి సినిమా ఆగిపోయిందనిపిస్తుంది. ఏదో ఒకటి, చిన్నదైనా సరే, కదులుతూ వుండాలి.

మూడో ఉపాయం, వున్నదాన్ని తిరిగి వాడుకోవడం. ఇది పేదవాళ్ళ తెలివి మాత్రమే అనుకోకండి. డిస్నీవారు 1973లో రాబిన్ హుడ్ తీసినప్పుడు, 1937 నాటి స్నో వైట్ నాట్యపు కదలికలమీదే కొత్త పాత్రని గీసుకున్నారు. జపానులో 1963 జనవరిలో ఆస్ట్రో బాయ్ మొదలుపెట్టిన తెజుకా ఒసాము వారానికొక భాగం ఇవ్వడానికి ఒక్కో బొమ్మని మూడు ఫ్రేములు నిలిపేవాడు. గీసిన కదలికల్ని ఒకచోట దాచివుంచి, అవసరమైనప్పుడల్లా వాడుకొనేవాడు. మా కుర్రవాడు ఇసుకలో పరిగెత్తే పరుగు 9వ షాటులో వుంది. దాన్నే మరి మూడు షాట్లకి వెనక దృశ్యం మార్చి పెట్టాము. 12 రోజుల పని నాలుగుకి దిగింది.

కాని తిరిగి వాడేటప్పుడు చూడవలసినవి వున్నాయి. వానలో పరుగైతే చొక్కా తడిసివుండాలి. వెలుగు వచ్చే వైపు మారితే నీడా మారాలి. కుడినించి ఎడమకి పోవాలి గదా అని బొమ్మని అద్దంలోలాగా తిప్పేస్తే మరో చిక్కు. మగపిల్లవాడికి చొక్కా జేబు కుడివైపుకి పోతుంది; అది సరే, తుడిచి మార్చుకోవచ్చు. అదే అవ్వ బొమ్మ తిప్పితే పైట కుడి భుజం మీదికి వస్తుంది. మన తీరంలో ఏ ఆడమనిషి అయినా అది ఒక్క చూపులో పట్టేస్తుంది. అందుకని అవ్వ బొమ్మ ఒక్కటీ తిప్పలేదు.

ఇక పూర్తిగా తీసేయవలసినవి. కుర్రవాడి వెంట ఒక పీత పడే తమాషా షాటు వుంది. తొమ్మిది సెకన్లు, ఎనిమిది రోజుల పని. మాలో అందరికంటే చిన్నవాడు దాన్ని కలలు కని వేసుకున్నాడు.

"అన్నా, ఏదైనా కొయ్యి, పీతని మాత్రం వదిలెయ్. పిల్లకాయలు నవ్వేది అదొక్కటే" అన్నాడు.

"నవ్వుతారురా. కాని వాడు ప్రాణభయంతో పరిగెత్తేటప్పుడు మనం నవ్విస్తే, హెచ్చరిక మాట ఎవరు వింటారు?" అన్నాను.

రెండు రోజులు వాడు నాతో సరిగా మాట్లాడలేదు. తప్పు పట్టలేను. లండనులో రిచర్డ్ విలియమ్స్ అనే మహానుభావుడు 1964లో మొదలుపెట్టిన బొమ్మల సినిమాని ఏళ్ళ తరబడి చెక్కుతూ కూర్చున్నాడు. 1992లో, ఇంకా సుమారు పావుగంట సినిమా మిగిలివుండగా, పూర్తికి హామీ ఇచ్చినవాళ్ళు దాన్ని ఆయన చేతినించి తీసుకుని వేరేవాళ్ళచేత ముగింపించారు. ఆయన బొమ్మలు ఇప్పటికీ విద్యార్థులకి పాఠాలే. కాని ఏది కొయ్యాలో మనం నిర్ణయించుకోకపోతే, బొమ్మ మీద ప్రేమలేని మరొకడు నిర్ణయిస్తాడు.

పీత తరవాత అంగడి వీధి. అందులో మూడు షాట్లు. అవి వీధి అందానికే గాని కథకి కావని తోచింది. అయితే ఏ షాటునైనా తీసేముందు తీసి చూడాలి. మా దగ్గర యానిమాటిక్ వుంది. అంటే స్టోరీబోర్డు బొమ్మలనే కాలానికి సరిపడా వరసగా పెట్టి, మాటలు చేర్చి చూసుకొనే ముతక సినిమా. అందులోంచి ఆ మూడూ తీసేసి, కథ తెలియని ఒక పెద్దాయనకి చూపించాము. తూపిలిపాళెం వైపు వలలు వేసే మనిషి. ఆయన కాసేపు చూసి, "అబ్బోడు ఎందుకట్టా పరిగెత్తతుండాడు? కుక్క తరిమిందా ఏంది?" అన్నాడు.

రేడియో షాటు వీధితోబాటు పోయింది! మిగతా రెండూ తీసేసి దాన్ని మళ్ళీ తెచ్చి పెట్టాము. ఆ రెంటివల్ల ఆరు రోజులు మిగిలాయి. తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది, ఎనిమిది, ఆరు, వెరసి 40. కావలసింది 38. సినిమా 20 సెకన్లు తగ్గి, ఐదు నిమిషాల 40 సెకన్లయింది. ఆ జాబితాని ఆ రోజే సంగీతం చేసే ఆయనకీ, సంస్థవారికీ పంపాను. కోత సంగతి వాళ్ళకి ఆలస్యంగా తెలిస్తే, కోసిన బొమ్మకి పాట కట్టి కూర్చుంటారు.

ముట్టనిది ఒక్కటుంది. అవ్వ లేచే షాటు. ఎనిమిది సెకన్లు, తొమ్మిది రోజులు. మొహం తప్ప మరేమీ లేదు. కళ్ళు పెట్టెమీద, తరవాత మనవడిమీద, తరవాత తలుపుమీద. బొమ్మని నిలిపేసి, రెప్పలు మాత్రం ఆడిస్తే ఆరు రోజులు మిగులుతాయని మావాళ్ళే అన్నారు. కాని ఈ సినిమా ఎవరికోసం? ఇల్లు వదలనని భీష్మించే పెద్దవాళ్ళకోసం. ఆ ముసలిది మనసు మార్చుకోవడం కంటికి కనిపించకపోతే, మిగతా ఐదున్నర నిమిషాలూ దండగ. ఆ షాటుని పీత పోగొట్టుకున్న కుర్రవాడికే అప్పగించాను. తొమ్మిది అనుకున్నది పది రోజులు పట్టింది. పక్కన పెట్టుకున్న ఎనిమిది రోజుల్లో ఒకటి దానికి పోయింది.

సెప్టెంబరు 29 సాయంత్రం సినిమా పంపేశాము. అక్టోబరు మొదటి వారంలో ఒక పాళెంలో దుప్పటి తెరమీద వేశారు. లాంతరు ఆరినప్పుడు ఎవరూ కదలలేదు. అవ్వ పెట్టెని వదిలి లేచినప్పుడు, నా ముందు కూర్చున్న ఒక ముసలామె పక్కనున్నామెతో నెమ్మదిగా, "నా పెట్టె అంతకంటే పెద్దదే" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. కాని ఆలోచిస్తున్నదని మాత్రం తెలిసింది.