ఆయన మాట, మన కత్తెర: కోరమండల్‌లో ఒక వాయిస్ నోటు

బంగారపేట నుంచి మారికుప్పం పోయే రైలు దారిలో కోరమండల్ ఒక చిన్న స్టేషను. దిగి నాలుగడుగులు వేస్తే సైనైడ్ దిబ్బలు కనిపిస్తాయి. బంగారం తీసేశాక మిగిలిన మట్టిని ఏళ్ళ తరబడి పోసిన గుట్టలవి. ఆ పక్కన కార్మికుల లైను ఇళ్ళు, ఒకదానికొకటి ఆనుకుని. ఇక్కడ ఎక్కువ వినిపించేది తమిళం. ఇల్లు దాటి అంగడికి వస్తే కన్నడం. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు నుంచీ, అప్పటి ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచీ వచ్చినవాళ్ళ ఇళ్ళల్లో తెలుగు. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేతికి వచ్చిన ఈ కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. లోపలికి దిగి పనిచేసినవాళ్ళు ఏటికేడు తగ్గిపోతున్నారు. అందుకే పిల్లల ఫోన్లలో తాతల మాటలు చేరుతున్నాయి. అయితే ఇరవై నిమిషాల వాయిస్ నోటును కుటుంబంలో వాళ్ళే పూర్తిగా వినరు. దాన్ని నూటయాభై మాటల పోస్టుగా కుదించాలి. కుదించాక కూడా అది తాత మాటగానే ఉండాలి. ఈ పని ఎట్లా జరుగుతుందో చూడడానికి ఒక లైను ఇంటికి వెళ్ళాను. డిగ్రీ చదువుతున్న మనవరాలు రికార్డు చేసింది, రిటైరైన గని కార్మికుడు మాట్లాడాడు. ఇద్దరూ పేర్లు వద్దన్నారు.

ఆమె నోటుపుస్తకంలో రాతప్రతి పూర్తిగా ఉంది. తడబాటుతో సహా రాసి, పక్కన నిమిషాలు వేసింది. ఇందులో ఒక తెలివి ఉంది. విని నేరుగా సారాంశం రాస్తే ఆ సారాంశం మన మాటల్లోనే వస్తుంది, చెప్పినవాడి మాట మొదటి అడుగులోనే జారిపోతుంది. ముందు ఉన్నదున్నట్టు రాసుకుంటే, తర్వాత ఏది తీసేశామో మన కంటికే కనిపిస్తుంది. ఆ రాతప్రతిలో ఒక తునక ఇది: “మా నాయన, మా నాయన చాంపియన్ రీఫులో టింబర్‌మన్‌గా ఉండె. నేను చేరింది ఆయన పోయినాకనే. ఆ దినం, ఏ దినమో సరిగ్గా జ్ఞాపకం లేదు, నైట్ షిఫ్టు. ఇల్లు అదిరె. గోడకుండే సామానంతా కిందపడె. మా అమ్మ లేసింది. లేసి, దీపం పెట్టలే. దీపం పెట్టలే, తలుపు తీసి నిల్చుకొనింది. లైన్లో ఆడోళ్ళంతా అట్లే, అందరూ వాకిట్లోనే. ఒకరూ మాట్లాడరు. లోపల నూరు మంది ఉండారంట, ఒకడు చెప్పినాడు. ఇంకొకడు ఇరవై అంట అన్నాడు. ఇప్పుడు సినిమా చూసి కేజీఎఫ్ అంటారు కదా, అది వేరే. మా నాయన పొద్దున ఏడుకు వచ్చినాడు. వచ్చి, చెంబు నీళ్ళు తాగి, పనుకున్నాడు. ఏమీ చెప్పలే. ఏమీ చెప్పలే ఎప్పుడూ కూడా.”

ఇల్లు అదరడం ఇక్కడివాళ్ళకు వింత కాదు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్ళిన గనుల్లో పైనున్న బరువు మోయలేక రాయి ఒక్కసారిగా పగిలి చిమ్మేది. ఏర్‌బ్లాస్టు అనేవాళ్ళు దాన్ని. ఆ అదురు నేల మీది ఇళ్ళ దాకా వచ్చేది. దీని మీద మనవరాలు మొదట రాసిన పోస్టు ఇట్లా ఉంది: “ఒక రాత్రి గనిలో సంభవించిన భయంకరమైన పేలుడుకు మా ఇల్లు కంపించింది. వందమంది కార్మికులు లోపల చిక్కుకుపోయారు. అమ్మ ఆందోళనతో రాత్రంతా ఎదురుచూసింది. నాన్న ఆ చేదు జ్ఞాపకాన్ని ఎన్నడూ ఎవరితో పంచుకోలేదు.” చదవడానికి నున్నగా ఉంది, వ్యాకరణం తప్పు లేదు. కానీ తాతకు చదివి వినిపించగానే ఆయన పట్టుకున్నది ఒక్కటే. “నూరు మంది అని నేను అనలేదే మా. ఒకడు అన్నాడన్నా.”

ఆయన పట్టుకున్న తప్పును యాస తప్పు అనుకుంటే పొరపాటే. తనకు తెలిసినదానికీ, తను విన్నదానికీ ఆయన ఒక గీత గీసుకున్నాడు. ఇల్లు అదరడం, సామాను పడడం, అమ్మ తలుపు తీయడం ఆయన చూసినవి. లోపల ఎంతమంది ఉన్నారన్నది లైన్లో తిరిగిన మాట. అందుకే ఒకరి లెక్క చెప్పి, వెంటనే దానికి సరిపడని ఇంకొకరి లెక్క కూడా చెప్పాడు. రెండు లెక్కలూ కలిపితే గని గురించి మనకు ఏమీ తెలియదు. ఆ రాత్రి వాకిట్లో నిలబడినవాళ్ళకు ఏమీ తెలియలేదన్నది మాత్రం బాగా తెలుస్తుంది. కుదించిన ప్రతిలో ‘అంట’ పోయింది, రెండో లెక్క పోయింది. విన్నమాట సాక్ష్యమైపోయింది. శైలి అంటే అలంకారమనీ, సమాచారం వేరే ఉంటుందనీ అనుకుని కత్తెర పట్టుకుంటే జరిగేది ఇదే. ఆ తునకలో ఆయన శైలే సమాచారం. ఏది చూశాడు, ఏది విన్నాడు, దేనికి జవాబు దొరకలేదు అన్నవన్నీ ఆ చెప్పిన తీరులోనే ఉన్నాయి.

‘ఆందోళనతో’ అన్నదీ ఇట్లాంటిదే. ఆయన అమ్మ మనసు గురించి ఒక్క మాటా అనలేదు. దీపం పెట్టలేదన్నాడు, తలుపు తీసి నిలబడిందన్నాడు. దీపం ఎందుకు పెట్టలేదో కూడా చెప్పలేదు. ఆ కారణాన్ని మనం పూరించిన క్షణంలో ఆ వాక్యం మనదైపోతుంది. కాబట్టి నేను అక్కడ చూసిన పనిలో తేలిన సూత్రం ఒకటే: కుదింపు తీసివేతతో జరగాలి, తిరగరాతతో కాదు. వరుస మార్చకూడదు, కొత్త మాట చేర్చకూడదు, రెండు వాక్యాలను కలిపి మూడోది చేయకూడదు. సందర్భం చెప్పక తప్పకపోతే, అది పైన మన పేరు మీద, మన భాషలో ఒక వాక్యంగా ఉండాలి.

ఈ సూత్రంతో రెండో ప్రతి తయారైంది. పైన మనవరాలి మాట: “మా తాత చిన్నప్పటి సంగతి. వాళ్ళ నాయన చాంపియన్ రీఫ్ గనిలో టింబర్‌మన్.” కింద తాత మాట: “నైట్ షిఫ్టు. ఇల్లు అదిరె. గోడకుండే సామానంతా కిందపడె. మా అమ్మ లేచింది. దీపం పెట్టలే, తలుపు తీసి నిల్చుకొనింది. లైన్లో ఆడోళ్ళంతా అట్లే, అందరూ వాకిట్లోనే. ఒకరూ మాట్లాడరు. లోపల నూరు మంది ఉండారంట, ఒకడు చెప్పినాడు. ఇంకొకడు ఇరవై అంట అన్నాడు. మా నాయన పొద్దున ఏడుకు వచ్చినాడు. వచ్చి, చెంబు నీళ్ళు తాగి, పనుకున్నాడు. ఏమీ చెప్పలే. ఏమీ చెప్పలే ఎప్పుడూ కూడా.” సినిమా ప్రస్తావన పోయింది, అది వింటున్న మనవరాలి కోసం అన్న మాట. ‘దీపం పెట్టలే’ రెండుసార్లు వచ్చింది, ఒకటి తీసేశారు. మొదటిది తెగిన వాక్యం, రెండోది దాన్ని అందుకుని ముందుకు పోయిన వాక్యం. ‘ఏమీ చెప్పలే’ కూడా రెండుసార్లు వచ్చింది, రెండూ ఉంచారు. అక్కడ రెండోది మొదటిదాన్ని పెంచింది. ఒక పొద్దున మొదలైన మౌనం బతుకంతా సాగిందని చెప్పింది ఆ రెండోదే. పునరుక్తి కనిపిస్తే కొట్టేయమని చెప్పే నియమం ఇక్కడ పనికిరాదు. మళ్ళీ అన్నప్పుడు కొత్తది ఏమైనా చేరిందా అని చూసుకోవాలి. చేరకపోతే తీసేయవచ్చు.

ఈ ప్రతిలో ‘లేసింది’ ఒక్కటే ‘లేచింది’ అయింది. యాసను కాపాడాలనేవాళ్ళు దీన్ని ఒప్పుకోకపోవచ్చు. యాస అసలే వద్దు, కోలారు తెలుగు కడప దాటితే అర్థం కాదు, చదివేవాళ్ళు నవ్వుతారు అనేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ జవాబు ఒకచోటే ఉంది. ‘లేసింది’ అని మనలో చాలామంది పలుకుతాం, రాసేటప్పుడు ‘లేచింది’ అని రాసుకుంటాం. మన పలుకుబడిని సరిదిద్దుకుని, కూలిమనిషి పలుకును మాత్రం అక్షరం అక్షరం దించితే అది గౌరవం కాదు, వెక్కిరింత. సినిమాలు యాసను హాస్యానికి వాడుకున్న తీరు ఇదే. ‘అదిరె’, ‘పెట్టలే’, ‘నిల్చుకొనింది’ అట్లాంటివి కావు. అవి ఆ నేల క్రియారూపాలు, వాక్యం నడక వాటి మీదే ఆధారపడి ఉంది. ‘అదిరె’ను ‘అదిరింది’ అంటే అర్థం మారదు, కానీ వరసగా దెబ్బ మీద దెబ్బ పడినట్టు వచ్చే ఆ పొట్టి వాక్యాల నడక చెడుతుంది. పలుకు తేడాను మామూలు వర్ణక్రమంలో రాయవచ్చు. మాటనూ క్రియ చివరనూ ముట్టుకోకూడదు. అర్థం కాదన్న భయానికి, ఆ ప్రతిలో తెలుగువాళ్ళు ఊహించుకోలేని మాట ఒక్కటి ఉందేమో చూడండి. టింబర్‌మన్ అంటే గని కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. ఆ వివరం కావాలంటే పై వాక్యంలో చేర్చవచ్చు.

చిక్కు వచ్చేది భాష మారినప్పుడే. అదే రికార్డులో ఇంకొకచోట ఆయన మేస్త్రితో జరిగిన వాదనను చెబుతూ తమిళంలోకి వెళ్ళిపోయాడు, ఎందుకంటే ఆ వాదన తమిళంలో జరిగింది. దాన్ని తెలుగు చేస్తే ఆయన నోట రాని తెలుగు ఆయన పేరు మీద అచ్చవుతుంది. ఇట్లాంటి చోట తీసివేత సూత్రం ఆగిపోతుంది. ఒక చిన్న మాటైతే తెలుగు లిపిలో అట్లాగే ఉంచవచ్చు. పొడుగ్గా ఉంటే ఆ తునకను పోస్టుకు ఎంచుకోకపోవడం మేలు. లేదా ఇది తమిళం నుంచి మనం చెప్పుకున్న అర్థమని పైన రాసేయాలి.

బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. తీసివేత కూడా రాతే కదా, ఏది ఉంచాలో నిర్ణయించేది సంపాదకుడే అయినప్పుడు ఆయన మాట అనడం మోసం కాదా అని. నిజమే, ఎంపిక మనదే. 1986లో స్త్రీశక్తి సంఘటన తెలంగాణ పోరాట స్త్రీల మాటలను ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చినప్పుడూ టేపుల నుంచి పుస్తకానికి వచ్చే దారిలో ఎంపిక తప్పలేదు. ఎంపిక చేయడంలో తప్పు లేదు, దాన్ని దాచడంలోనే ఉంది. ఇక్కడ ఇటలీ చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్తెల్లి చూపించిన సంగతి పనికివస్తుంది. తెర్ని అనే ఉక్కు పట్టణంలో లుయిజీ త్రస్తుల్లి అనే కార్మికుడు 1949లో నాటో వ్యతిరేక ప్రదర్శనలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఊళ్ళో చాలామంది మాత్రం అతను 1953లో, ఉద్యోగాల తొలగింపుకు ఎదురు తిరిగినప్పుడు పోయాడని చెప్పారు. పోర్తెల్లి ఆ తేదీని వాళ్ళ నోట దిద్దలేదు. ఎందుకట్లా గుర్తుపెట్టుకున్నారో వెతికాడు. వాళ్ళను ఎక్కువ బాధపెట్టింది ఆ తొలగింపులే అని తేలింది. మన తాత ఇంకొకచోట గని ‘తొంబైతొమ్మిదిలోనే’ మూసినారన్నాడు. అది ఆయన మాటలో అట్లాగే ఉండాలి, 2001 అన్న తేదీ పై వాక్యంలో మన గొంతుతో రావాలి. ఆయన వాక్యంలో చొరబడి దిద్దితే తప్పూ పోతుంది, ఆ తప్పు చెప్పే సంగతీ పోతుంది.

పోస్టు పంపే ముందు మనవరాలు చేసిన పరీక్ష ఎవరైనా చేయగలిగినదే. రాతప్రతినీ పోస్టునూ పక్కపక్కన పెట్టి, పోస్టులో ఉండి రాతప్రతిలో లేని ప్రతి మాట కిందా గీత గీసింది. పై వాక్యాన్ని మినహాయిస్తే, వర్ణక్రమం మారిన ఆ ఒక్క మాట కిందే గీత పడింది. మొదటి ప్రతికి ఇదే చేస్తే దాదాపు ప్రతి వాక్యం కిందా గీతే. తర్వాత తాతకు చదివి వినిపించింది, ఒప్పుకున్నాక పంపింది. ఈ పద్ధతి చేయలేనిదీ ఉంది. ఆ రాత్రి నిజంగా ఎందరు లోపల ఉన్నారో, ఎందరు తిరిగి రాలేదో ఈ పోస్టు చెప్పదు, చెప్పడానికి ప్రయత్నించకూడదు. దానికి గని రిజిస్టర్లు చూసి వేరే వ్యాసం రాయాలి. ఆ వ్యాసం రాసేవాళ్ళకు కూడా వాకిట్లో నిలబడినవాళ్ళు రెండు పొసగని లెక్కలు విన్నారన్న సంగతి కావలసి వస్తుంది. మొదటి ప్రతి ఒక్కటే మిగిలి ఉంటే వాళ్ళకు దొరికేది వంద అనే ఆధారం లేని ఒక అంకె మాత్రమే.