ఉభయకుశలోపరి

కర్సర్ మిణుకుమిణుకుమంటోంది. పోచంపల్లిలో నేనెన్నడూ చూడని ఒక వస్త్ర వ్యాపారికి మెయిల్ రాయాలి. నోటు పుస్తకాల అట్టలకు ఇక్కత్ గుడ్డ 40 మీటర్లు కావాలి. అంతే సంగతి. మొదటి వాక్యం దగ్గరే అరగంట గడిచిపోయింది.

‘మీరు క్షేమమని తలుస్తాను’ అని రాసి చెరిపేశాను. ఫోన్ తెర మీద ఆయనకు ముందు కనిపించేవి సబ్జెక్టు, దాని కింద మొదటి నాలుగు మాటలు. అవి కాస్తా క్షేమ సమాచారానికే పోతే, మెయిల్ తెరవకుండానే పక్కకు జరిపేయవచ్చు. ‘40 మీటర్లకు ధర చెప్పండి’ అన్నాను. అదీ చెరిపాను. వీధిలోంచే కేకేసినట్టుంది.

తాతయ్య కార్డు ముక్కలు గుర్తొచ్చాయి. అంత ఇరుకులోనూ ‘ఉభయకుశలోపరి’ అన్న ఒక్క మాటతో ఇక్కడి క్షేమం, అక్కడి క్షేమం ముగించి, వెంటనే ధాన్యం ధరలోకి దిగేవారు. కానీ అది ఎరిగినవాళ్ల మాట. ఎరగని మనిషి కుశలం నేనెలా అడగను? ఆయన గురించి నాకు తెలిసింది ఆయన అమ్మిన బట్ట ఒక్కటే.

అదే రాశాను. ‘నమస్కారమండీ. మా అక్క మీ దగ్గర కొన్న నీలి చీర అంచు చూసి రాస్తున్నాను. అలాంటి గుడ్డ 40 మీటర్లు కావాలి.’

సాయంత్రానికి జవాబు వచ్చింది. ధర రెండో వాక్యంలో ఉంది. మొదటిది: ‘ఆ అంచు మా నాన్న నేసిందమ్మా.’