కాటు కనిపించని కేసు

మా అక్క కూతురు జీఎన్‌ఎం చదువుతోంది. ఒకసారి తన పరీక్ష పేపరు నాకు చూపించింది. అందులో ఒక ప్రశ్న: "కట్లపాము కాటు లక్షణాలు రాయుము." తను పది లక్షణాలు రాసి, పూర్తి మార్కులు తెచ్చుకుంది. "రాత్రి డ్యూటీలో ఒకామె కడుపునొప్పితో వస్తే, పాము అన్న మాటే ఎవరూ అనకపోతే, నువ్వు పట్టుకోగలవా?" అని అడిగాను. "పేపర్లో పాము అని రాసే ఉంటుంది కదా మామయ్యా" అంది.

చిక్కంతా అక్కడే ఉంది. రోగి తన జబ్బు పేరు చెప్పుకుంటూ రాడు. ప్రశ్నలో పేరు ముందే చెప్పేస్తే విద్యార్థి జ్ఞాపకాన్నే పరీక్షించినట్టు, నిర్ణయాన్ని కాదు.

కొల్లిపర ప్రాంతంలో అరటి, పసుపు, కంద తోటల పక్కన పాకల్లో నేల మీద పడుకునే కూలీలు చాలామంది. ఎలుకలు పట్టే మా యానాది పెద్దలకు కట్లపాము సంగతి బాగా తెలుసు. అది రాత్రి తిరుగుతుంది, నిద్రలో ఉన్నవాణ్ణి కరుస్తుంది. నొప్పి తక్కువ, వాపు దాదాపు ఉండదు, ఒక్కోసారి గుర్తు కూడా కనిపించదు. అందుకే దీన్నే కేసుగా తీసుకుని, మా అమ్మాయికి పాఠం చెప్పే నర్సమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ప్రశ్న తయారుచేశాం. వైద్యం ఆమెది, ప్రశ్న కట్టే పని నాది.

కేసు ఇది: 28 ఏళ్ల కూలీ. పాకలో నేల మీద పడుకుంది. తెల్లవారుజామున 4 గంటలకు కడుపునొప్పితో లేచింది, రెండు వాంతులయ్యాయి. 5 గంటలకు ఆసుపత్రికి తెచ్చారు. జ్వరం లేదు. నాడి 96, బీపీ 130/80, ఆక్సిజన్ 97 శాతం. రాత్రి చేపల కూర తిన్నదట. కళ్లు పూర్తిగా తెరవలేకపోతోంది. "నిద్ర తీరలేదమ్మా" అంటోంది తల్లి. నర్సు ముందు ఏం చేయాలి?

1. కూర పడలేదని రాసుకుని, నిద్రపోనిచ్చి, గంట తర్వాత చూడటం.
2. ఒళ్లంతా కాటు గుర్తు వెతికి, దొరికితే డాక్టరును పిలవడం.
3. డాక్టరును పిలిచి, యాంబు బ్యాగ్ దగ్గర పెట్టుకుని ఊపిరి గమనించడం.
4. వాంతులకు నీరసించకుండా ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించడం.

జవాబు 3. మిగతా మూడూ ఊరికే పెట్టినవి కావు. ఒక్కొక్కటీ వార్డులో నిజంగా జరగగల పొరపాటు. చేపల కూర దారి తప్పించే సమాచారం, దాన్ని నమ్మినవాళ్లు 1 పెడతారు. కాటు గుర్తు లేకపోతే పాము కాదనుకునేవాళ్లు 2 పెడతారు. నాలుగోది పైకి మంచిపనిలా కనిపిస్తుంది కానీ, గొంతు కండరాలు పట్టు తప్పుతుంటే తాగించింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నాలుగు జవాబులనూ దాదాపు ఒకే పొడవులో రాశాం. సరైనదొక్కటే పొడుగ్గా ఉంటే కేసు చదవకుండానే పట్టేస్తారు. "యాంటీవెనం ఎక్కించడం" అని పెట్టలేదు, అది డాక్టరు ఆదేశం. ప్రశ్న నర్సు చేతిలో ఉన్న పనినే అడగాలి.

తర్వాత కేసును ముందుకు నడిపాం. 40 నిమిషాలు గడిచాయి. గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచిన రక్తం గడ్డకట్టింది. ఆక్సిజన్ 96 శాతం. వచ్చినప్పుడు ఒక్క ఊపిరిలో 25 దాకా లెక్కపెట్టిన మనిషి ఇప్పుడు 11 దగ్గరే ఆగిపోయింది. ఉమ్మి మింగలేకపోతోంది. మెరుగవుతోందా, దిగజారుతోందా?

ఇక్కడ రెండు అంకెలు ధైర్యం చెబుతాయి, ఒకటి హెచ్చరిస్తుంది. రక్తం గడ్డకట్టడం రక్తపింజర విషం విషయంలో ఊరటే, కట్లపాము విషయంలో కాదు. దీని విషం నరాల నుంచి కండరాలకు వెళ్లే సంకేతాన్ని ఆపుతుంది, రక్తాన్ని కాదు. ఆక్సిజన్ శాతం చివరి దాకా బాగానే ఉండి, ఒక్కసారిగా పడిపోవచ్చు. లెక్క 25 నుంచి 11కు రావడమే ఊపిరి కండరాలు అలసిపోతున్నాయనడానికి గుర్తు. నర్సు ఆమెను వదిలి వెళ్లకుండా డాక్టరును మళ్లీ పిలవాలి. ఉమ్మి తీసి, బ్యాగ్‌తో ఊపిరి అందించడానికి సిద్ధపడాలి.

2023 ఏప్రిల్ నుంచి అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ కూడా ఈ దారిలోనే అడుగుతోంది: ఆనవాళ్లు గుర్తించడం, వాటి అర్థం తేల్చడం, ఏది ముందో నిర్ణయించడం, చేయగలిగినవి ఆలోచించడం, చేయడం, ఫలితం చూడటం. మన కేసులో మొదటి ప్రశ్న ముందు మెట్లను, రెండోది చివరి మెట్టును అడుగుతుంది.

ప్రశ్న సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి మేము రెండు పనులు చేశాం. కేసు తీసేసి జవాబులు మాత్రమే విద్యార్థుల ముందు పెట్టాం. సరైనది దొరికిపోతే కేసుకు పని లేనట్టే. తర్వాత అనుభవమున్న ఇద్దరు నర్సులతో విడివిడిగా చేయించాం. వాళ్ల జవాబులు వేరైతే దిద్దాల్సింది ప్రశ్నను.

ఒక్క హద్దు ఉంది. కాగితం మీద "కళ్లు తెరవలేకపోతోంది" అని మనమే రాసిపెడతాం. వార్డులో ఆ వాక్యం ఎవరూ రాసిపెట్టరు, వాలిన రెప్పను నర్సే చూడాలి. ఆ చూపును మంచం పక్కన నిలబెట్టి నేర్పాల్సిందే.